ఒకే జింకు, ఎన్నో బలాలు: స్ఫటికం జారే లెక్క

లోహపు కడ్డీని రెండు వైపులా పట్టి లాగితే మొదట కొద్దిగా సాగుతుంది. లాగడం ఆపితే తిరిగి పాత పొడవుకు వచ్చేస్తుంది. లాగుడు ఒక హద్దు దాటాక మాత్రం సాగినది సాగినట్టే ఉండిపోతుంది. ఆ హద్దునే ఇంజనీర్లు ఈల్డ్ పాయింట్ అంటారు. మామూలు ఇనుప కడ్డీకో రాగి తీగకో ఈల్డ్ పాయింట్‌గా ఒక అంకె చెప్పడం వాడుక. అయితే కడ్డీ మొత్తం ఒకే స్ఫటికంగా ఉన్నప్పుడు ఆ వాడుక చెల్లదు. ఒకే శుద్ధత, ఒకే ఉష్ణోగ్రత, ఒకే మందం ఉన్న రెండు జింకు ఏకస్ఫటికాల్లో ఒకటి కొద్దిపాటి లాగుడుకే లొంగిపోతుంది, మరొకటి దానికి అయిదారు రెట్లు లాగినా ఓర్చుకుంటుంది. రెండింటికీ తేడా ఒక్కటే: లోపలి పరమాణువుల వరసలు లాగే దిశకు ఏ కోణంలో ఉన్నాయన్నది.

లోహం ఎలా లొంగుతుంది

మామూలు లోహం కోట్ల కొద్దీ చిన్న స్ఫటికాల ముద్ద. ఒక్కో స్ఫటికంలో పరమాణువులు క్రమం తప్పని వరసల్లో ఉంటాయి, కానీ ఒక స్ఫటికం వరసలు ఒక వైపుకు తిరిగి ఉంటే పక్కదాని వరసలు మరో వైపుకు తిరిగి ఉంటాయి. ఏకస్ఫటికంలో ఈ కలగాపులగం ఉండదు. కడ్డీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసలన్నీ ఒకే దిక్కున సాగుతాయి.

స్ఫటికం శాశ్వతంగా సాగేటప్పుడు పరమాణువుల మధ్య దూరం పెరిగి అలాగే నిలిచిపోదు. ఒక పొర దాని కింది పొర మీద జారుతుంది. బ్రిటన్‌లో యూయింగ్, రోజెన్‌హైన్ 1900 ప్రాంతంలో నునుపు చేసిన లోహాన్ని వంచి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు దాని ఉపరితలం మీద సన్నని సమాంతర గీతలు కనిపించాయి. పొరలు జారినప్పుడు అంచుల్లో ఏర్పడిన చిన్న చిన్న మెట్లే ఆ గీతలు.

ఈ జారుడు ఇష్టం వచ్చిన తలం మీద జరగదు. పరమాణువులు అతి దగ్గరగా సర్దుకున్న తలం మీద, ఆ తలంలోనూ అవి అతి దగ్గరగా వరుస కట్టిన దిశలో జరుగుతుంది. అలాంటి తలం జారుడు తలం, అలాంటి దిశ జారుడు దిశ. రెండూ కలిసి ఒక జారుడు వ్యవస్థ. జింకు స్ఫటికం ఆరుభుజాల పట్టకపు ఆకారంలో కట్టుకుంటుంది. గది ఉష్ణోగ్రతలో దానికి తేలికగా జారే తలం ఒక్కటే, ఆ పట్టకపు అడుగు తలం. ఆ తలంలో 60 డిగ్రీల ఎడంతో మూడు జారుడు దిశలుంటాయి. అంటే తేలికైన జారుడు వ్యవస్థలు మూడే, ఆ మూడూ ఒకే తలంలో ఉన్నవే. కడ్డీలో ఆ ఒక్క తలం ఎలా వాలి ఉందో దాని మీదే అంతా ఆధారపడుతుంది కాబట్టి ఈ విషయాన్ని పరీక్షించడానికి జింకు కంటే తగిన లోహం దొరకడం కష్టం.

లాగుడులో జారుడుకు దక్కే వాటా

కడ్డీని పొడవునా లాగే బలాన్ని దాని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది లాగుడు ప్రతిబలం. దీనికి గుర్తు σ. కానీ పొరను పొర మీద జార్చేది ఈ మొత్తం లాగుడు కాదు. జారుడు తలం మీద, జారుడు దిశ వెంబడి పనిచేసే భాగం మాత్రమే. ఒక తలాన్ని దాని వెంబడే తోసే ఇలాంటి ప్రతిబలాన్ని షియర్ ప్రతిబలం అంటారు, గుర్తు τ.

ఆ భాగాన్ని రెండు మెట్లలో లెక్క కట్టవచ్చు. మొదటిది బలం సంగతి. కడ్డీ అక్షానికీ జారుడు దిశకూ మధ్య కోణం λ అయితే, లాగే బలంలో ఆ దిశ వెంబడి పనిచేసే అంశం మొత్తం బలానికి cos λ రెట్లు. రెండోది వైశాల్యం సంగతి. జారుడు తలం కడ్డీని అడ్డంగా కాక ఏటవాలుగా కోస్తుంది. తలానికి నిలువుగా గీసిన లంబం కడ్డీ అక్షంతో φ కోణం చేస్తుంటే, కడ్డీ లోపల ఆ తలం వైశాల్యం మామూలు అడ్డుకోత కంటే పెద్దది. అడ్డుకోతను cos φ తో భాగిస్తే ఆ వైశాల్యం వస్తుంది. తగ్గిన బలాన్ని పెరిగిన వైశాల్యంతో భాగిస్తే చివరికి నిలిచేది ఈ సూత్రం:

τ = σ cos φ cos λ

ఇందులోని cos φ cos λ అనే లబ్ధాన్ని ష్మిడ్ గుణకం అంటారు. లాగుడులో ఎంత వాటా జారుడుకు ఉపయోగపడుతుందో అది చెబుతుంది. ఆ వాటా ఎప్పుడూ సగానికి మించదు. రెండు కోణాలూ 45 డిగ్రీలుగా ఉండి, అక్షం, లంబం, జారుడు దిశ ఒకే సమతలంలో ఉన్నప్పుడు అది సరిగ్గా 0.5 అవుతుంది. జారుడు తలం కడ్డీకి అడ్డంగా ఉంటే తలం మీద లాగుడు పూర్తిగా పడుతుంది, కానీ జారుడు దిశలో దాని అంశం సున్నా. తలం కడ్డీకి సమాంతరంగా ఉంటే దిశ కలిసొచ్చినా బలాన్ని ఆ తలం అందుకోదు. రెండు సందర్భాల్లోనూ గుణకం సున్నాయే.

ష్మిడ్ చెప్పిన నియమం

పై సూత్రం కేవలం జ్యామితి. దాన్ని ఈల్డ్ పాయింట్‌తో ముడిపెట్టడానికి ప్రయోగం కావలసి వచ్చింది. 1922-23లో బెర్లిన్ శివారు దాలెమ్‌లో హెర్మన్ మార్క్, మైకేల్ పొలాన్యీ, ఎరిక్ ష్మిడ్ కరిగిన జింకులోంచి సన్నని ఏకస్ఫటిక తీగలను మెల్లగా పైకి తీసి, వాటిని లాగి పరీక్షించారు. జారేది అడుగు తలమేనని ఆ పనితో తేలింది. వేర్వేరు తీగల్లో ఆ తలం వేర్వేరు వాలుల్లో ఉండడంతో వాటి ఈల్డ్ ప్రతిబలాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఒక్కో అంకెను ఆయా తీగ ష్మిడ్ గుణకంతో గుణించినప్పుడు మాత్రం దాదాపు ఒకే విలువ వచ్చింది. 1924లో నెదర్లండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో జరిగిన అనువర్తిత యాంత్రికశాస్త్ర మహాసభలో ష్మిడ్ దీన్ని నియమంగా ప్రతిపాదించాడు: జారుడు వ్యవస్థ మీద పడే షియర్ ప్రతిబలం ఒక నిర్ణీత విలువను అందుకున్నప్పుడు స్ఫటికం లొంగుతుంది. ఆ విలువే సందిగ్ధ షియర్ ప్రతిబలం, τc. అది లోహానికి, దాని శుద్ధతకు, ఉష్ణోగ్రతకు చెందినది. కడ్డీలో స్ఫటికం ఎటు తిరిగి ఉందన్నదానితో దానికి పని లేదు.

అందువల్ల ఈల్డ్ ప్రతిబలం అంటే τcని ష్మిడ్ గుణకంతో భాగిస్తే వచ్చే అంకె. పైనున్న సంఖ్య లోహం ఇచ్చేది, కిందున్న సంఖ్య దిశ ఇచ్చేది.

ఒక తీగ, మూడు దిశలు

99.999 శాతం శుద్ధమైన జింకుకు గది ఉష్ణోగ్రతలో τc సుమారు 0.18 మెగాపాస్కల్ అని పాఠ్యగ్రంథాలు ఇస్తాయి. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న జింకు ఏకస్ఫటిక తీగను తీసుకుని, దాని అడుగు తలపు లంబం అక్షంతో 60 డిగ్రీలు చేస్తుందనుకుంటే లెక్క ఇలా సాగుతుంది.

cos 60° విలువ 0.5. మూడు దిశలూ ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి ఈ సంఖ్య మూడింటికీ సమానమే. ఇక తేల్చవలసింది ఏ దిశ ముందు జారుతుందన్నది. తీగ అక్షపు నీడను జారుడు తలం మీద లంబంగా వేస్తే, ఆ నీడ ఒక జారుడు దిశకు 20 డిగ్రీల దూరంలో పడిందనుకుందాం. అప్పుడు మిగిలిన రెండు దిశలు దానికి 40, 80 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఒక్కో దిశకు cos λ రావాలంటే sin 60°ని ఆ దూరపు కొసైన్‌తో గుణిస్తే చాలు. మొదటి దిశకు 0.814, రెండో దిశకు 0.663, మూడో దిశకు 0.150 వస్తాయి. వాటిని 0.5తో గుణిస్తే ష్మిడ్ గుణకాలు వరసగా 0.407, 0.332, 0.075.

లాగుడును సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే మూడు దిశల మీదా షియర్ ప్రతిబలం పెరుగుతుంది, కానీ 0.18ని ముందు అందుకునేది పెద్ద గుణకం ఉన్న మొదటి దిశ. 0.18ని 0.407తో భాగిస్తే 0.44 మెగాపాస్కల్. ఈ తీగ ఈల్డ్ ప్రతిబలం అదే. తీగ అడ్డుకోత 0.785 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి కావలసిన బలం సుమారు 0.35 న్యూటన్లు. దాదాపు 35 గ్రాముల బరువు వేలాడదీస్తే చాలు, తీగ శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. రెండో దిశ తన వంతుగా జారాలంటే 0.54 మెగాపాస్కల్ దాకా పోవాలి. ఆలోగానే మొదటిది లొంగి ఉంటుంది.

అదే మందం ఉన్న వేరే తీగలో కోణాలు రెండూ 45 డిగ్రీలైతే ఈల్డ్ ప్రతిబలం 0.36 మెగాపాస్కల్‌కు, బరువు 29 గ్రాములకు దిగుతుంది. జింకు ఇంతకంటే తక్కువకు లొంగదు. φ 85 డిగ్రీలై, అక్షపు నీడ జారుడు దిశ మీదే పడితే గుణకం 0.087. ఈల్డ్ ప్రతిబలం 2.07 మెగాపాస్కల్‌కు, బరువు 166 గ్రాములకు ఎక్కుతుంది. లోహం మారలేదు, శుద్ధత మారలేదు, వాలు మారినందుకే బలం దాదాపు ఆరు రెట్లయింది.

ఈ నియమంలో పైకి కనిపించని మాట ఒకటుంది. జారుడు తలాన్ని దాని మీది పొర నుంచి విడదీసేలా లంబంగా లాగే ప్రతిబలానికి ఈల్డ్ పాయింట్ విషయంలో ఏ పాత్రా లేదు. φ 10 డిగ్రీలున్న తీగకూ, 80 డిగ్రీలున్న తీగకూ, నీడ జారుడు దిశ మీదే పడితే, గుణకం ఒక్కటే, 0.171. రెండూ 1.05 మెగాపాస్కల్ వద్దే లొంగాలి. ఆ క్షణంలో మొదటి తీగలో తలాన్ని విడదీసే ప్రతిబలం సుమారు 1.02 మెగాపాస్కల్, రెండో దానిలో 0.03 మాత్రమే. ముప్ఫై రెట్లకు పైగా తేడా ఉన్నా లొంగే చోటు మారకపోతే, లొంగదీసేది షియర్ ప్రతిబలమేనని రుజువైనట్టే.

కొలతలో జాగ్రత్తలు

ఈ లెక్కను ప్రయోగశాలలో నిలబెట్టడం సులువు కాదు. ముప్ఫై గ్రాములకు లొంగే తీగ చేత్తో ఎత్తినా వంగుతుంది. వంగిందంటే పరీక్షకు ముందే కొన్ని పొరలు జారిపోయినట్టు. పట్టుకారు కాస్త పక్కకు ఒరిగినా లాగుడుతో పాటు వంపు కూడా తోడై, తీగ ఒక అంచు అనుకున్నదానికి ముందే లొంగుతుంది. స్ఫటికం వాలును ముందుగా ఎక్స్-కిరణాలతో తెలుసుకుంటారు. తీగ మీదికి కిరణాలను పంపితే ఫిల్మ్ మీద పడే చుక్కల అమరిక నుంచి తలాల దిశలు తేలుతాయి. జారుడు మొదలయ్యాక సూక్ష్మదర్శినిలో మరో సాక్ష్యం దొరుకుతుంది. గుండ్రని తీగ చుట్టూ జారుడు గీతలు ఏటవాలు దీర్ఘవృత్తాలుగా కనబడతాయి. వాటి వాలు ఎక్స్-కిరణాలు చెప్పిన వాలుతో సరిపోవాలి.

అసలు పరీక్ష మాత్రం ఒక్క తీగతో ముగియదు. వేర్వేరు వాలుల తీగలు చాలా తీసుకుని, ఈల్డ్ ప్రతిబలాన్ని నిలువు అక్షం మీద, ష్మిడ్ గుణకపు విలోమాన్ని అడ్డ అక్షం మీద పెట్టి గ్రాఫు గీస్తారు. నియమం నిజమైతే బిందువులన్నీ మూలబిందువు గుండా పోయే సరళరేఖ మీద పడాలి. ఆ రేఖ వాలే τc. రేఖ మూలబిందువును తప్పితే కొలతలో ఏదో క్రమంగా కలిసిందని అనుమానించాలి. ఒకటి రెండు బిందువులు మాత్రమే పక్కకు పడితే ఆ తీగలు పరీక్షకు ముందే వంగాయో, వాటిలో వేరే వ్యవస్థ పనిచేసిందో చూడాలి. మొత్తం రేఖే పైకి లేస్తే జింకులో మలినం ఎక్కువైందని అర్థం. కొద్దిపాటి మలినం కూడా τcని గణనీయంగా పెంచుతుంది.

లొంగిన తర్వాత

కొత్త నోట్ల కట్టను ఒక పక్కకు ఒరగదీస్తే ఒక్కో నోటూ కింది నోటు మీద కాస్త జరిగి కట్ట ఆకారమే మారిపోయినట్టు, జింకు తీగలోనూ పొరలన్నీ జరుగుతాయి. అయితే రెండు చివరలూ పట్టి ఉన్నందున తీగ పక్కకు పోలేదు. దాంతో స్ఫటికమే మెల్లగా తిరుగుతూ జారుడు దిశను లాగే దిశకు దగ్గర చేస్తుంది. గుండ్రని తీగ చదునైన పట్టీగా మారుతుంది.

పైన లెక్కించిన 60 డిగ్రీల తీగలో మొదట λ 35.5 డిగ్రీలు. తీగ రెట్టింపు పొడవుకు సాగేసరికి λ సుమారు 17 డిగ్రీలకు తగ్గుతుంది, φ 75.5 డిగ్రీలకు పెరుగుతుంది. గుణకం 0.407 నుంచి 0.24కు పడిపోతుంది. τc ఏమీ మారలేదనుకున్నా, సన్నబడిన అడ్డుకోత మీద లెక్కించిన ఈల్డ్ ప్రతిబలం 0.44 నుంచి 0.75 మెగాపాస్కల్‌కు పెరుగుతుంది. దీన్ని చూసి లోహం గట్టిపడిందని చెప్పేస్తే పొరపాటు. అందులో చాలా భాగం జ్యామితి చేసిన మార్పు. అందుకే లాగుడు ప్రతిబలాన్ని కాక, ప్రతి దశలోనూ గుణకాన్ని సరిదిద్దుకుని షియర్ ప్రతిబలాన్ని గీస్తేనే లోహం నిజంగా ఎంత గట్టిపడిందో బయటపడుతుంది. మొదట్లో తలం అడ్డంగా ఉన్న తీగకు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ అది 45 డిగ్రీల వైపు వస్తుంది కాబట్టి కొంతసేపు మరింత మెత్తగా ప్రవర్తిస్తుంది.

నియమం ఆగే చోటు

φ సున్నాకో 90 డిగ్రీలకో చేరువైతే సూత్రం ప్రకారం ఈల్డ్ ప్రతిబలం అనంతం కావాలి. నిజంగా అలా జరగదు. ఇంకో దారి ముందు తెరుచుకుంటుంది. తలం కడ్డీకి సమాంతరంగా ఉన్న జింకులో స్ఫటికంలోని కొంత భాగం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి కవల స్ఫటికంగా మారుతుంది. తలం పూర్తిగా అడ్డంగా ఉంటే, ముఖ్యంగా చలిలో, స్ఫటికం జారకుండానే ఆ తలం వెంట పగిలిపోవచ్చు.

రాగి, అల్యూమినియం వంటి లోహాల్లో జారుడు వ్యవస్థలు పన్నెండు. ఎటు లాగినా వాటిలో ఏదో ఒకదానికి మంచి కోణమే దొరుకుతుంది. లెక్క వేస్తే, అన్నిటికంటే పెద్ద గుణకం ఏ దిశలోనూ 0.272 కంటే దిగదు. కాబట్టి దిశ మారినంత మాత్రాన రాగి స్ఫటికం ఈల్డ్ పాయింట్ రెట్టింపు కూడా కాదు. జింకులో అంత తేడా రావడానికి కారణం దాని తేలికైన వ్యవస్థలన్నీ ఒక్క తలానికే కట్టుబడి ఉండడం. ఇక ఇనుము, మాలిబ్డినమ్, టంగ్‌స్టన్ వంటి లోహాలు తక్కువ ఉష్ణోగ్రతలో ఈ నియమాన్నే కొంత తప్పుతాయి. వాటిలో ఒకే వ్యవస్థ మీద ఒకే షియర్ ప్రతిబలం ఉన్నా, లాగినప్పుడు లొంగే చోటు వేరు, నొక్కినప్పుడు లొంగే చోటు వేరు. డిస్లొకేషన్లు అనే పరమాణు వరసల లోపరేఖలు కదలడం వల్లే పొరలు జారతాయి. ఈ లోహాల్లో ఆ రేఖల నడిమి భాగం ఒకటికి మించిన తలాల్లోకి విస్తరించి ఉంటుంది కాబట్టి జారుడు వ్యవస్థ మీద పడని ప్రతిబలాలు కూడా వాటి కదలికను ప్రభావితం చేస్తాయి.

మామూలు లోహపు ముద్దలో కోట్ల స్ఫటికాలు అన్ని దిశల్లోనూ ఉంటాయి. మంచి కోణంలో ఉన్నవి ముందే లొంగబోతాయి, కోణం కుదరనివి వాటిని పట్టి ఉంచుతాయి. ఇంజనీరు చేతిలోని అంకె ఆ ఒత్తిళ్లన్నిటి సగటు. ఏకస్ఫటికానికి అలాంటి సగటు లేదు. కాబట్టి దాని ఈల్డ్ ప్రతిబలాన్ని దిశ చెప్పకుండా ఇస్తే అది సగం సమాచారమే. శుద్ధత, ఉష్ణోగ్రతలతో పాటు చెప్పిన τc మాత్రమే ఆ లోహానికి చెందిన అంకె.